ఒక్కపొద్దు నాటి సూది

ఓబిలేష్ బతికింది ఇరవై నాలుగేళ్ళు. అందులో చివరి ఎనిమిది నెలలే నాకు తెలుసు. ధర్మవరంలో పట్టుచీర నేసినవాడి పేరు చీర మీద ఉండదు, వాడి బతుకు గురించి ఎవరూ రాయరు. నేను కూడా రాసేదాన్ని కాదు. ఆసుపత్రిలో షుగరు రోగుల గదిలో కూర్చుని పద్దెనిమిదేళ్ళుగా సూదులు వేయడం, వేసుకోవడం నేర్పడం నా పని. కానీ ఓబిలేష్ విషయం ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిన మనిషిని నేనే. అందుకని రాస్తున్నాను.

వాళ్ళ నాయన గోవిందప్ప పోయినప్పుడు ఓబిలేష్‌కు పద్నాలుగేళ్ళు. పదకొండో రోజు కాగానే బడి మానేసి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టాడు. తల్లి తిప్పమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని పట్టుపోగును చిన్న చిన్న కండెలుగా చుట్టేది. ఆమె చుట్టిన కండెను మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి అతను అడ్డపోగు ఆడించేవాడు. ఇద్దరి మధ్యా పదేళ్ళు అలాగే గడిచాయి. పనిలో మహా నిఖార్సైన మనిషని వీధంతా చెప్పుకునేది. ఒక్క పోగు తప్పితే జానెడు నేత విప్పి మళ్ళీ నేసేవాడట. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, తెలియనిది అడుగుతాడు. ఈ రెండు గుణాలూ నేనూ చూశాను.

శ్రావణం సగం గడిచినా చుక్క వాన లేని ఏడాది అది. ఒకరోజు తిప్పమ్మ అతన్ని మా గదికి తీసుకొచ్చింది. మనిషి గడకర్రలా ఉన్నాడు. బల్ల మీది సీసా ఎత్తి, అడక్కుండానే నా నీళ్ళు తాగేశాడు.

"ఇంట్ల గూడా ఇదే కతమ్మా" అంది తిప్పమ్మ. "బిందె దించితే బిందె ఖాళీ. ఇద్దరి తిండి తింటాడు, ఒక్కరి ఒళ్ళు గూడా లేదు. తిన్నది ఒంటబట్టడం లేదు."

"గంటకోసారి గుంతలోంచి లేసేదే అక్కా" అన్నాడు ఓబిలేష్ సిగ్గుపడుతూ. "మా ఈరప్ప మామ నగుతాండాడు. నేసేదానికంటే నువ్వు నడిసేదే ఎక్కువైందిరా అని."

రెండు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాడు. వేలు గుచ్చి చూస్తే షుగరు నాలుగు వందల అరవై. మా డాక్టరు దేవేంద్ర సార్ చూసి, పరీక్షలన్నీ చేయించి, ఇది మొదటి రకం షుగరు అన్నాడు. మాత్రలతో పోదు, బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ సూది తప్పదు. నాలుగు రోజులు వార్డులో ఉంచారు. మొదటి రోజు సెలైన్ ఎక్కుతుంటే తిప్పమ్మ మంచం పక్కన నిలబడి కళ్ళు మూసుకుని చౌడేశ్వరమ్మకు మొక్కుకుంది. కొడుకు లేచి నడిస్తే ఉగాది పోయాక జరిగే ఉత్సవంలో అతని నెత్తిన జ్యోతి ఎత్తిస్తానని. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన దీపాన్ని నెత్తిన పెట్టుకుని గుడిదాకా నడవాలి. ఎత్తేవాడు ఒక్కపొద్దు ఉండాలి. ఆమె మొక్కు నా చెవిన పడింది. పడినా పట్టించుకోలేదు, మొక్కుకోని తల్లి ఏ వార్డులో ఉంటుంది?

మూడోరోజు కాస్త తేరుకున్నాక తల్లినీ కొడుకునీ కూర్చోబెట్టి చెప్పాను. వీధిలో అప్పటికే వైద్యులు తయారయ్యారు. బొరుగుల లడ్డూలు తిన్నందుకు వచ్చిందని ఒకరు, కాకరకాయ రసం తాగితే పోతుందని ఒకరు. నాకు అలాంటి మాట వింటే ఒళ్ళు మండుతుంది.

"తీపి తిన్నందుకు వచ్చింది కాదు ఇది" అన్నాను. "నువ్వు చేసిన తప్పు ఏమీ లేదు. మనం తిన్న సంగటి, అన్నం, ఏదైనా కడుపులో కరిగి చక్కెరై రక్తంలోకి పోతాది. ఆ చక్కెరతోనే కండ పని చేస్తాది. కానీ రక్తంలో ఉంటే చాలదు, రక్తంలోంచి కండలోకి పోవల్ల. పోనిచ్చేది ఇన్సులిన్. పొట్ట ఎనకాల ఆకు మాదిరి ఒక గ్రంథి ఉండాది, క్లోమం అంటారు. ఇన్సులిన్ తయారు చేసేది అదే. జబ్బులొస్తే కొట్లాడే బలం మన ఒంట్లోనే ఉంటాది గదా, అది నీ ఒంట్లో దోవ తప్పి ఆ ఇన్సులిన్ చేసే కణాలనే కొట్టేసింది. ఎందుకు కొట్టిందో డాక్టర్లకు గూడా పూర్తిగా తెలీదు."

"మా చిన్నత్తకు గూడా షుగరే" అంది తిప్పమ్మ. "ఆయమ్మకు మాత్రలే ఇచ్చినారే?"

"ఆయమ్మది రెండో రకం. ఆయమ్మ ఒంట్లో ఇన్సులిన్ ఉండాది, ఒళ్ళు దాని మాట సరిగా వినదు. మాత్రతో వినిపిస్తారు. ఈనికి ఆ మాట చెప్పే ఇన్సులినే లేదు."

ఓబిలేష్ మెల్లగా అన్నాడు. "అంటే అక్కా, ఇంటినిండా పట్టు ఉండాది. కండెలు చుట్టేవాళ్ళు లేరు. పట్టును పట్టు మాదిరే నాడెలో పెట్టలేం గదా. మగ్గం ఉత్తదే ఆడతాంది."

నాకు భలే నచ్చింది ఆ మాట. తిప్పమ్మ ముఖం చూస్తే ఆమెకు కూడా అప్పుడే బోధపడిందని తెలుస్తోంది. నేను అరగంట చెప్పినది అతను ఒక్క మాటలో తేల్చేశాడు. "అంతే నాయనా, అచ్చం అంతే" అన్నాను. ఆ రోజు నుంచి వచ్చే రోగులందరికీ ఆ పోలికే చెప్పాను. ధర్మవరంలో కండె తెలియని మనిషి ఎవరు?

అతను ఇంకా అడిగాడు. అంత దప్పిక ఎందుకు? రక్తంలో చక్కెర పొంగిపోతే మూత్రపిండాలు ఆపలేవు, వదిలేస్తాయి, పోతూ పోతూ చక్కెర నీళ్ళను కూడా లాక్కుపోతుంది, అందుకని. అంత తిన్నా చిక్కిపోవడమెందుకు? లోపలికి చక్కెర అందక ఒళ్ళు పస్తున్నానని అనుకుంటుంది, ఉన్న కొవ్వునూ కండనూ కరిగించుకుంటుంది, అందుకని. సూది బదులు మాత్ర ఇవ్వరాదా? ఇన్సులిన్‌ను నోట్లో వేసుకుంటే కడుపు దాన్ని కూడా పప్పులాగే అరిగించేస్తుంది. ప్రతి జవాబుకూ తల ఊపి ఇంకో ప్రశ్న వేశాడు.

నాలుగో రోజు ఇంటికి పంపేటప్పుడు రెండు రకాల సూదులు చూపించాను. మూడు పూటలా తినేముందు వేసుకునేది ఒకటి, తిన్నదాని చక్కెరను కండలోకి పంపడానికి. రాత్రి పడుకునే ముందు వేసుకునేది ఒకటి, అది నెమ్మదిగా రోజంతా పనిచేస్తుంది. షుగరు మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయని, వెంటనే చక్కెర నోట్లో వేసుకోమని చెప్పాను. అప్పుడు ఓబిలేష్ అడిగాడు.

"అక్కా, ఏ పూటన్నా తినకపోతే?"

తలుపు దగ్గర ముప్పై మంది నిలబడి ఉన్నారు. ఒకావిడ లోపలికి తొంగిచూసి, ఎంతసేపమ్మా అని అరుస్తోంది. నేను కార్డు మీద సంతకం పెడుతూ, తలెత్తకుండా చెప్పాను. "తినకపోతే సూది వేసుకోవద్దు. షుగరు పడిపోయి యాడన్నా పడిపోతావు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు నాకు ఓబిలేష్ లోకువయ్యాడు. నా మాట తినేముందు వేసుకునే సూదికి సరిపోతుంది. రాత్రి సూదికి సరిపోదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది.

తర్వాతి ఏడు నెలలు అతను నాకు ముద్దొచ్చే రోగి. నెలకోసారి వచ్చేవాడు. తొమ్మిది కిలోలు మళ్ళీ పెరిగాడు. పెళ్ళి సంబంధం వస్తే జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని ఒకసారి అడిగాడు, చెప్పే చేసుకో అన్నాను. "చెప్తే ఎవురిస్తారక్కా పిల్లను" అని నవ్వాడు. పచ్చ అంచు, మావిడిపిందెల బుటా ఉన్న చీర నేస్తున్నానని, అయిపోతే ఫోనులో ఫొటో చూపిస్తానని అన్నాడు. ఒక్క పూట సూది మరిచిపోయిన రోజు లేదు.

ఉగాది వెళ్ళింది. ఉత్సవం వచ్చింది. ఆ రెండు రోజులు వాళ్ళ వీధిలో మగ్గం ఆడదు. ఈరప్ప ఓబిలేష్‌కు సొంత మేనమామ, ఆ ఏడాది ఉత్సవం చూసుకునే పెద్ద ఆయనే. ముందురోజు తెల్లారిందగ్గర్నుంచి జ్యోతి దిగేదాకా అన్నం ముట్టకూడదని, రెండోరోజు నీళ్ళు కూడా తాగకూడదని చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. "నీకు సూదుల గోల ఉండాది గదరా, డాక్టర్ను అడిగినావా?" అని కూడా అడిగాడట.

"అడిగేదేముంది మామా, ముందే అడిగినా. తినకపోతే సూది వద్దన్నారు" అన్నాడట ఓబిలేష్. తల్లికి కూడా సర్దిచెప్పాడు. "రెండు దినాలు మగ్గం ఆడదు. కండెలతో పనేముందిమా?"

ఈ మాట తర్వాత తిప్పమ్మ నోట విన్నాను. అతను తప్పుగా ఆలోచించలేదు. నేను భేషని మెచ్చుకున్న పోలికలో ఒక చిల్లు ఉంది, అది నాకు కనబడింది కాదు. మగ్గానికి సెలవు ఉంటుంది. ఒంటికి ఉండదు. మనం ఏమీ తినకపోయినా కాలేయం రాత్రింబవళ్ళు తనలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, దాచింది అయిపోతే కొత్తగా తయారు చేసి మరీ వదులుతుంది. చాలు, ఆపమని దానికి చెప్పేది ఇన్సులినే. కొవ్వును కరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. రాత్రి సూది ఉన్నది ఆ పనికే. అది లేకపోతే పస్తున్నవాడి రక్తంలో కూడా చక్కెర పెరుగుతుంది, కొవ్వు కుప్పలుగా కరిగి కీటోన్లనే ఆమ్లాలవుతుంది, అవి రక్తాన్ని పులిసిపోయేలా చేస్తాయి. ఆ పులుపును బయటికి నెట్టడానికి మనిషి గసపెట్టి లోతుగా ఊపిరి తీస్తాడు, ఆ ఊపిరికి మురిగిన పండు వాసన ఉంటుంది.

రెండోరోజు పొద్దున రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఖాళీ కడుపు, ఎండ, మామూలే అనుకున్నారు. షుగరు చూసుకునే మిషను గూట్లోనే ఉంది. తినని చోట షుగరు ఎక్కడినుంచి వస్తుందని ఎవరూ తీయలేదు. మధ్యాహ్నం మూడింటికి పసుపు పంచె కట్టుకుని, నెత్తిన జ్యోతి పెట్టుకుని బయల్దేరాడు. పది అడుగులు వేశాడో లేదో, ఊపిరి మారింది. ఎగపోస్తూ, ముక్కుపుటాలు అదురుతూ, పెద్ద పెద్ద ఊపిర్లు. కళ్ళు ఎటో చూస్తున్నాయి. పిలిస్తే పలకడంలేదు.

"అమ్మ వచ్చిందిరో, అమ్మ వచ్చింది" అని ఎవరో అరిచారు. డప్పు జోరందుకుంది. ఆడవాళ్ళు వచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోశారు. తన కొడుకు మీదికి చౌడమ్మ వచ్చిందని తిప్పమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఆ ఊపిరితోనే అతను గుడిదాకా నడిచాడు. ఎలా నడిచాడో నాకు ఈరోజుకీ తెలియదు. జ్యోతి దించాక అతను కూలిపోయాడు. అప్పుడు కూడా కాసేపు అమ్మవారు దిగుతోందనే అనుకున్నారు. నోటి దగ్గర మురిగిన పండు వాసన వస్తోందని మొదట అన్నది తిప్పమ్మే. షుగరు పడిపోయిందేమోనని బెల్లం నీళ్ళు పోయబోతే లోపలికి దిగలేదు. అప్పుడు ఆటో కోసం పరుగెత్తారు.

ఆసుపత్రికి తెచ్చేసరికి ఐదున్నర. ఆ రోజు డ్యూటీ నాదే. పసుపు పంచె, నుదుటి మీద కుంకుమ, ఆ ఊపిరి. దగ్గరికి పోకముందే నాకు అర్థమైంది. షుగరు ఐదు వందల డెబ్బై, మూత్రం నిండా కీటోన్లు. సెలైన్ ఎక్కించాం, ఇన్సులిన్ మొదలుపెట్టాం. దేవేంద్ర సార్ అనంతపురం పెద్దాసుపత్రికి పంపాలన్నాడు. అంబులెన్సు ఎక్కించేటప్పుడు అతను ఒక్కసారి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు.

"సూది మరవలేదక్కా" అన్నాడు. "తిన్లేదు, అందుకే."

మరుసటి రోజు పదకొండింటికి పోయాడు. రక్తం అంతగా పులిసిపోయాక గుండె తట్టుకోలేదని చెప్పారు. వాళ్ళు చేయాల్సిందంతా చేశారు. ఆలస్యమైంది.

నేను మూడు వారాలదాకా ఆ వీధికి పోలేకపోయాను. పోయిన రోజు తిప్పమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. ఆమె నా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి చాప వేసింది.

"నువ్వు వచ్చింది మంచిదైందమ్మా" అంది. "వీధిలో ఏమేమో అంటాండారు. పిల్లోడు లెక్క చేయలేదంట. మందులు మానేసి ఆటలాడినాడంట. మా ఈరప్పే అట్ల అంటాండాడు, తన తప్పు కాదనిపిచ్చుకునేకి. నా కొడుకు అట్లాటోడు కాదు. నీకు తెలుసు గదా. నువ్వు చెప్పినట్లే చేసినాడు. ఆ మాట నువ్వొచ్చి చెప్పమ్మా. నేను చెప్తే తల్లి గదా అంటారు."

ఆమె వెంట అరుగు మీదికి వచ్చాను. ఎదురింటి హనుమంతమ్మ, పక్కింటి ఆడవాళ్ళు, చెప్పుల్లేకుండా నిలబడ్డ ఈరప్ప, ఐదారుగురు చేరారు.

"ఓబిలేష్ ఏ తప్పూ చేయలేదు" అన్నాను. "తినకపోతే ఏం చేయల్లని అడిగినాడు. తినకపోతే సూది వద్దని నేనే చెప్పినా. నేను చెప్పింది సగమే. నా తొందరలో మిగతా సగం చెప్పలేదు. తప్పు నాది."

ఈరప్ప తల దించుకుని పై తువ్వాలుతో మొహం అద్దుకున్నాడు. తిప్పమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆమె ముఖంలో. బడిలో పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఆ మిగతా సగం ఏందమ్మా?"

"పూట పూటకూ వేసుకునే సూది తినకపోతే వద్దు. రాత్రి సూది మాత్రం తిన్నా తినకపోయినా వేసుకోవల్ల. అది తిండికి కాదు, పానానికి. ఒక్కపొద్దు ఉండాలనుకుంటే ముందు మా దగ్గరికొచ్చి అడగల్ల. అంతే తిప్పక్కా."

ఆమె ఆ మాటలు పెదవులతో లోపల్లోపల మళ్ళీ ఒకసారి అనుకుంది. ఇంకా ఏదో ఉందేమోనని నా నోటివైపు కాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్న మాటనా అమ్మా?"